పది శాతం అంటే దేనిలో పది శాతం?

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభ, తెనాలి – ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మాకిచ్చే పదిహేను నిమిషాల్లో చదువు గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చోవడం మాకు అలవాటు. ఈ ఏడు నాలుగు మాటలు కాదు, ఒక్క మాట గురించే చెప్పదలచుకున్నాం. క్లాసులో మేము రోజూ అనే మాట అది. "ఈసారి నీ మార్కులు పది శాతం పెంచు." ముప్పై ఏళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నాం. దానికి రెండు అర్థాలున్నాయని, ఆ రెండింటి మధ్య పిల్లల స్కాలర్‌షిప్పులు చిక్కుకుపోతాయని మాకు ఈ మధ్యనే బాగా తెలిసొచ్చింది. అందులో మా తప్పూ ఉంది. అందుకే ముందు మేమే ఒప్పుకుంటున్నాం.

రేపల్లెలో ఒక టైలరు భాయ్ ఉన్నారు. ఆయన కూతురికి మన సొసైటీ తొమ్మిదో తరగతిలో స్కాలర్‌షిప్ ఇచ్చింది. మరుసటి ఏడు రెన్యువల్ కావాలంటే "గత సంవత్సరం కంటే పది శాతం మార్కులు పెంచుకోవాలి" అని మన దరఖాస్తు ఫారం మీద అచ్చు వేశాం. ఆ వాక్యం రాసింది మేమే. లెక్క సులువుగా ఉండాలని ఈ ప్రసంగంలో అందరి మార్కులూ 600కు మార్చి చెబుతాం. అమ్మాయికి తొమ్మిదిలో 252 మార్కులు వచ్చాయి, అంటే 42 శాతం. పదిలో 282 వచ్చాయి, అంటే 47 శాతం.

కాగితాలు చూసిన కమిటీ సభ్యులొకరు "42 నుంచి 47. పెరిగింది ఐదే. పది కాలేదు" అని దరఖాస్తును పక్కన పెట్టారు. ఆ కబురు చెప్పడానికి మేమే రేపల్లె వెళ్లాం. టైలరు భాయ్ మిషను ఆపి, కాసేపు ఆలోచించి ఇలా అన్నారు.

"మాస్టారూ, నాకు పెద్ద చదువు లేదు. జాకెట్టు కూలి నాలుగు వందలు తీసుకుంటున్నా. పది శాతం పెంచానంటే నాలుగు వందల నలభై తీసుకుంటా. అంతేగా? మా అమ్మాయికి 252 వచ్చాయి. అందులో పది శాతం అంటే పాతికకు కొంచెం పైన. దానికి ముప్పై మార్కులు ఎక్కువ వచ్చాయి. మరి పది శాతం పెరిగినట్టే కదా?"

మేము శాతాల పాఠం చెప్పే మాస్టర్లం. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాం. 252లో పది శాతం 25.2. అమ్మాయి పెంచుకున్నది 30. అంటే దాదాపు 12 శాతం పెరుగుదల. ఆయన లెక్క పూర్తిగా సరైనదే. అయితే కమిటీ సభ్యుడిది తప్పా? అదీ కాదు. 42 శాతం నుంచి 47 శాతానికి వచ్చిన తేడా ఐదే. ఇద్దరూ సరిగ్గానే లెక్కపెట్టారు. తప్పంతా మేము రాసిన వాక్యంలో ఉంది.

ఎందుకిలా అవుతుందంటే, శాతం అనే మాటను మనం రెండు చోట్ల రెండు రకాలుగా వాడతాం. బజారులో శాతం ఎప్పుడూ ఉన్నదాని మీద లెక్క. అద్దె పది శాతం పెరిగిందంటే ఇప్పుడు కడుతున్న అద్దెలో పదో వంతు పెరిగిందని అర్థం. బళ్లో అలా కాదు. అక్కడ శాతం అంటే మార్కే. వందకు 42 వస్తే 42 శాతం అంటాం. కాబట్టి పది శాతం పెంచమంటే పిల్లలు 42ను 52 చేయాలని మేము అనుకుంటాం. మా మనసులో ఉన్నది వందలో పది. టైలరు భాయ్ మనసులో ఉన్నది ఉన్నదానిలో పదో వంతు. మాట ఒకటే అయినా ఆ అమ్మాయికి ఒక లెక్కలో 60 మార్కులు కావాలి, ఇంకో లెక్కలో 26 చాలు. వందలో పది అన్నా, 600లో 60 అన్నా ఒకటే కదా.

లెక్కలు తెలిసినవాళ్లు ఈ తికమక పోవడానికి ఒక పేరు పెట్టుకున్నారు. రెండు శాతాల మధ్య తేడాను నేరుగా తీసివేతతో చెబితే దాన్ని శాతం పాయింట్లు అంటారు. 42 నుంచి 47కు ఐదు శాతం పాయింట్లు పెరిగింది. అదే తేడాను మొదటి అంకెతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది శాతం మార్పు. 5ను 42తో భాగించి వందతో గుణిస్తే 11.9 వస్తుంది. పాయింట్లలో ఐదు, మార్పులో దాదాపు పన్నెండు. పెరిగిన మార్కులు రెండింటిలోనూ అవే ముప్పై.

ఇది మాటల గొడవేనని కొందరికి అనిపించవచ్చు. బాపట్ల అబ్బాయి సంగతి వింటే అలా అనిపించదు. మైనారిటీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుల నిబంధనల్లో ముందు పరీక్షలో 50 శాతం మార్కులు రావాలని ఉండేది. ఈ అబ్బాయికి పదో తరగతి ప్రీ ఫైనల్‌లో 276 వచ్చాయి, 46 శాతం. మేము వాడిని పిలిచి "ఇంకో నాలుగు శాతం పెంచితే నీకు అర్హత వస్తుందిరా" అన్నాం. మా ఉద్దేశం 46ను 50 చెయ్యమని, అంటే 24 మార్కులు తెమ్మని. అబ్బాయి తెలివైనవాడు. శాతాల పాఠం మా దగ్గరే నేర్చుకున్నాడు. నోటుబుక్కు తీసి 276లో నాలుగు శాతం లెక్క కట్టాడు. పదకొండు మార్కులు అని వచ్చింది.

ఆ పదకొండు గణితంలో, సైన్సులో తెచ్చుకోవచ్చని, మిగిలిన వారాలు వాటికే పెట్టాడు. సాంఘికశాస్త్రం జోలికి పోలేదు. పబ్లిక్‌లో 289 వచ్చాయి. పదకొండు అనుకున్నవాడు పదమూడు తెచ్చుకున్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చి "సార్, అయిపోయింది, దాటేశా" అన్నాడు. కానీ అర్హతకు 300 కావాలి. ఇంకా పదకొండు తక్కువ. ఇరవై నాలుగు మార్కులు కావాలని మేము ముందే చెప్పి ఉంటే సాంఘికశాస్త్రం పుస్తకం తీసేవాడు. అప్పుడు వచ్చేవో రావో చెప్పలేం. ఎంత దూరం నడవాలో మాత్రం వాడికి తెలిసి ఉండేది. మేము పాఠంలో చెప్పిన పద్ధతినే వాడు నమ్మాడు. మేమే మా పాఠాన్ని మరిచిపోయి మాట్లాడాం.

ఇక తెనాలిలోనే ఉన్న మూడో సంగతి. ఒక అమ్మాయికి తొమ్మిదో తరగతిలో 552 మార్కులు, 92 శాతం. పదిలో 570, అంటే 95 శాతం. మన ఫారం ప్రకారం ఈ అమ్మాయికీ రెన్యువల్ రాదు. కమిటీ లెక్కలో పెరిగింది మూడు పాయింట్లే. టైలరు భాయ్ లెక్కలో కూడా 3.3 శాతమే. అసలు ఈ అమ్మాయి ఏం చేస్తే మన నిబంధన దాటుతుందని కూర్చుని చూశాం. వందలో పది పెంచాలంటే 102 శాతం, అంటే 600కు 612 రావాలి. ఉన్నదానిలో పదో వంతు పెంచాలంటే 607 దాటాలి. ఏ దారిన పోయినా 600 దాటిపోతోంది. బళ్లో మొదటి అమ్మాయికి మనం పెట్టిన షరతు ఎవరి వల్లా కానిది. రెండేళ్లుగా ఆ ఫారం వాడుతూ, మనలో ఒక్కరమూ దీన్ని గమనించలేదు.

ఈ మూడు సంగతులూ కలిపి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఉన్నదానిలో పదో వంతు అనే లెక్క తక్కువ మార్కులవాళ్ల దగ్గర తక్కువే అడుగుతుంది. ఇరవై మార్కులవాడిని రెండు, తొంభై మార్కులవాడిని తొమ్మిది అడుగుతుంది. పైమెట్టు మీద ఉన్నవాడికే బరువెక్కువ. వందలో పది అనే లెక్క అందరినీ సమానంగా పదే అడుగుతుంది, కానీ తొంభై దాటినవాళ్ల దగ్గర అది చెల్లదు. ఏదో ఒకటి మంచిది, రెండోది చెడ్డది అని తేల్చలేం. ఏది వాడుతున్నామో చెప్పకపోవడమే చెడ్డది.

దాతలకు ఇందులో ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. మీకు ఏటా ఎన్నో సంస్థల రిపోర్టులు వస్తాయి. వాటిలో అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో చూడకుండా సంతోషపడవద్దు. మన రాష్ట్రం పదో తరగతి ఫలితాలే తీసుకుందాం. 2023లో 72.26 శాతం మంది పాసయ్యారు. 2024లో 86.69 శాతం. తీసివేస్తే 14.43 శాతం పాయింట్లు పెరిగినట్టు. అదే పెరుగుదలను 72.26తో భాగించి చెబితే దాదాపు 20 శాతం పెరిగినట్టు. ఇంకొకరు తప్పినవాళ్ల వైపు నుంచి చూస్తారు. 2023లో వందకు 27.74 మంది తప్పారు, 2024లో 13.31 మంది. తప్పినవాళ్ల శాతం 52 శాతం తగ్గింది, అంటే సగానికి పైగా తగ్గిందని ఆయన అంటారు.

పద్నాలుగు, ఇరవై, యాభై రెండు. మూడూ నిజాలే. మూడూ ఒకే ఫలితం నుంచి వచ్చినవే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా రిపోర్టులో యాభై రెండు అని చూసిన దాత ఒకలా, పద్నాలుగు అని చూసిన దాత ఇంకోలా అనుకుంటారు. మరుసటి ఏడు 2025లో పాసయినవాళ్లు 81.14 శాతానికి దిగారు. ఇది ఐదున్నర పాయింట్ల తగ్గుదల. తప్పినవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం 13.31 కాస్తా 18.86 అయింది, అంటే 40 శాతానికి పైగా పెరిగింది. భయపెట్టాలనుకున్నవాళ్లు ఈ రెండో అంకె చెబుతారు, ధైర్యం చెప్పేవాళ్లు మొదటిది చెబుతారు. అందుకే శాతం పెరిగిందని, తగ్గిందని ఎవరైనా అంటే ముందు ఎంత ఉండేది, ఇప్పుడు ఎంత అయింది అని రెండు అంకెలూ అడగండి. ఆ రెండూ చేతిలో ఉంటే మిగిలిన లెక్క మీరే వేసుకోవచ్చు. ఆ రెండూ చెప్పకుండా ఒక్క శాతమే చెబితే అప్పటికి దాన్ని పక్కన పెట్టండి.

మన సమాజం మరిచిపోని ఒక లెక్క కూడా ఇక్కడ గుర్తు చేస్తాం. మన రాష్ట్రంలో ముస్లిములకు విద్య, ఉద్యోగాల్లో మొదట ఇవ్వాలనుకున్న రిజర్వేషన్ 5 శాతం. అది కోర్టుల్లో నిలవలేదు. 2007లో వచ్చిన చట్టం ముస్లిముల్లో వెనుకబడిన వర్గాలను బీసీ ఈ గ్రూపులో చేర్చి 4 శాతం ఇచ్చింది. అప్పటికే ఉన్న రిజర్వేషన్లు 46 శాతం. ఐదు కలిపితే 51 అయి 50 పరిమితి దాటుతుంది. నాలుగు కలిపితే సరిగ్గా 50. ఒక్క శాతమే కదా తగ్గింది అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఆ ఒకటి ఒక శాతం పాయింటు. సీట్ల లెక్కలో చూడండి. వెయ్యి సీట్లుంటే 50 రావలసిన చోట 40 వస్తాయి. పది సీట్లు తగ్గాయి, ఐదింట ఒక వంతు. అంటే ఒక పాయింటు తగ్గితే మనకు వచ్చే సీట్లు 20 శాతం తగ్గాయి. మొదటి అంకె చిన్నదైన కొద్దీ ఒక్క పాయింటు విలువ అంత పెరుగుతుంది. మొదటిది 90 అయితే ఒక పాయింటు పెద్దగా తెలియదు. 5 అయితే అది ఒక ఇంటి పిల్లవాడి సీటు.

ఇదే తక్కువ మార్కుల పిల్లల విషయంలో తిరగబడి మోసం చేస్తుంది. సైన్సులో 20 వచ్చినవాడికి 30 వస్తే "50 శాతం అభివృద్ధి" అని రిపోర్టులో రాయొచ్చు. అది అబద్ధం కాదు. కానీ పాసు మార్కు 35. వాడు ఇంకా తప్పినవాడే. ఆ పిల్లవాడికి కావలసింది అభివృద్ధి శాతం కాదు, ఇంకో ఐదు మార్కులు. ఆ ఐదు ఏ పాఠం నుంచి వస్తాయో చూపించే మనిషి కావాలి.

మరి ఫారం ఎలా మార్చాలి? టైలరు భాయ్ దగ్గర నుంచి తిరిగి వచ్చాక మేము కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాం. ఫారంలో నుంచి శాతం అనే మాటనే తీసేయాలి. దాని స్థానంలో రెండు గళ్లు ఉంటాయి. ఒకటి "గత సంవత్సరం వచ్చిన మార్కులు". రెండోది "వచ్చే సంవత్సరం రావలసిన మార్కులు". రెండో గడిలో అంకెను స్కాలర్‌షిప్ ఇచ్చే రోజే మనం నింపి, తండ్రికో తల్లికో చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. 252 పక్కన 282 అని రాసి ఉంటే ఎవరూ రెండు రకాలుగా చదవలేరు.

ఆ అంకె ఎంత ఉండాలన్నది మూడు మెట్లుగా అనుకున్నాం. ఏదైనా సబ్జెక్టులో 35 రానివాళ్లకు మొదటి లక్ష్యం ఆ సబ్జెక్టులో 35 దాటడం, ఇంకేమీ అడగకూడదు. మధ్యలో ఉన్నవాళ్లకు 600లో 30 మార్కులు, అంటే ఐదు పాయింట్లు. 540 దాటినవాళ్లకు పెంచమనే షరతు ఉండకూడదు, ఆ మెట్టు నిలుపుకుంటే చాలు. ఈ ముప్పై అనే అంకె ఎక్కడి నుంచో దిగిరాలేదు. సబ్జెక్టుకు ఐదు మార్కులు, అంటే పరీక్షలో ఒకటి రెండు ప్రశ్నలు. ఏడాది కష్టానికి అది అందుతుందని మా అనుభవం. వచ్చే ఏడు చూసి ఎక్కువ తక్కువలు సరిదిద్దుకోవచ్చు.

దీనికీ ఒక పరిమితి ఉంది, దాచడం న్యాయం కాదు. తొమ్మిదో తరగతి పేపర్లు ఆ బళ్లోనే దిద్దుతారు. పదో తరగతి పేపర్లు బయట ఎవరో దిద్దుతారు. ఒక బడిలో చేతికి ఎముక లేకుండా మార్కులు వేస్తారు, ఇంకో బడిలో పిసినారిగా వేస్తారు. అందుకని తొమ్మిది నుంచి పదికి వచ్చిన తేడా అంతా పిల్లల కష్టమే అనుకోలేం, వాళ్ల సోమరితనమే అనీ అనుకోలేం. అంకె తప్పిందని స్కాలర్‌షిప్ ఆపే ముందు ఆ బడి మాస్టరుతో ఒకసారి మాట్లాడాలని కూడా ప్రతిపాదనలో రాశాం.

రేపల్లె అమ్మాయి విషయంలో కమిటీ తన నిర్ణయం మార్చుకుంది. మన వాక్యం రెండు అర్థాలిస్తున్నప్పుడు పిల్లకు మేలు చేసే అర్థమే తీసుకోవాలని సెక్రటరీ గారు అన్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. తెనాలి అమ్మాయికీ రెన్యువల్ అయింది. బాపట్ల అబ్బాయికి మాత్రం ఆ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ను మేము వెనక్కు తెచ్చి ఇవ్వలేకపోయాం. ఈ సభలోనే ఒక దాత వాడి మొదటి ఏడాది ఫీజు కట్టారు. ఆయన పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు.

ఆ తరువాత క్లాసులో మా మాట మార్చుకున్నాం. "పది శాతం పెంచు" అనడం మానేశాం. "నీకు యాభై రెండు వచ్చాయి, ఈసారి అరవై తేవాలి" అంటున్నాం. ఎప్పుడైనా పాత అలవాటుగా నోరు జారితే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "దేనిలో పది శాతం సార్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగమని నేర్పింది మేమే. ఈ సభలో కూర్చున్న పెద్దలు కూడా రేపు మన సొసైటీ రిపోర్టు చేతికి రాగానే మమ్మల్ని అదే అడగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.